ఫిన్ల ఎడం మారితే h కూడా మారాలి: ఒక హీట్ సింక్ స్టెడీ స్టేట్ థర్మల్ స్టడీ

ఒక పవర్ కాంపొనెంట్ నిరంతరంగా 15 వాట్ల వేడి వదులుతోంది. దాన్ని ఫ్యాన్ లేకుండా చల్లబరచాలి. చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీల సెల్సియస్, కాంపొనెంట్ అడుగుభాగం 80 డిగ్రీలు దాటకూడదు. హీట్ సింక్‌ను 6063-T5 అల్యూమినియంతో ఎక్స్‌ట్రూడ్ చేస్తారు. బేస్ వెడల్పు 100 మి.మీ., నిలువు పొడవు 120 మి.మీ., మందం 6 మి.మీ. ఫిన్ల ఎత్తు 30 మి.మీ., ఒక్కో ఫిన్ మందం 2 మి.మీ. కాంపొనెంట్ 30 మి.మీ. చదరంగా ఉండి బేస్ వెనక మధ్యలో, అర మిల్లీమీటరు మందం ఉన్న థర్మల్ ప్యాడ్ మీద కూర్చుంటుంది. ఫిన్లు నిలువుగా ఉంటాయి, గాలి కింద నుంచి ప్రవేశించి పైన బయటికి పోతుంది. ఈ కొలతలన్నీ ఖాయమయ్యాయి. తేలాల్సింది ఒక్కటే: 100 మి.మీ. వెడల్పులో ఎన్ని ఫిన్లు పెట్టాలి, అంటే రెండు ఫిన్ల మధ్య ఎంత ఎడం వదలాలి?

చూడ్డానికి ఇది పారామెట్రిక్ స్టడీకి సరిగ్గా సరిపోయే ప్రశ్న. ఫిన్ల సంఖ్యను పారామీటర్‌గా పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో `Steady-State Thermal` తెరిచి, ఫిన్ల ముఖాలకు `Convection` ఇచ్చి, నాలుగైదు డిజైన్ పాయింట్లు నడిపితే జవాబు వచ్చేస్తుందనిపిస్తుంది. జవాబు వస్తుంది కూడా. సాధారణంగా అది తప్పు జవాబు, కానీ ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, రంగుల చిత్రం ఎంతో నమ్మకంగా కనిపిస్తుంది.

తప్పు ఎక్కడుంది

ఈ రకం స్టడీలో సాల్వర్ లెక్కించేది లోహంలో వేడి ప్రసరణ మాత్రమే. మోడల్లో గాలి లేదు. గాలి చేసే పని మొత్తాన్ని ఒకే అంకె, కన్వెక్షన్ కోఎఫిషియెంట్ h, మోస్తుంది. ఆ అంకెను ఇచ్చేది మనమే. సాల్వర్ దాన్ని ప్రశ్నించదు. ఒక ముఖానికి h = 5 W/m²·K అని ఇస్తే, పక్క ఫిన్ 12 మి.మీ. దూరంలో ఉన్నా 3 మి.మీ. దూరంలో ఉన్నా ఆ ముఖం చదరపు మీటరుకు, కెల్విన్‌కు 5 వాట్ల చొప్పున వేడి వదులుతూనే ఉంటుంది. అలాంటప్పుడు ఫిన్లు పెంచిన కొద్దీ వైశాల్యం పెరుగుతుంది, వైశాల్యం పెరిగిన కొద్దీ ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఫిన్లను ఒకదానికొకటి దాదాపు అంటుకునేదాకా దగ్గరికి తెచ్చినా స్టడీ ఇంకా బాగుందనే చెబుతుంది.

నిజానికి జరిగేది వేరు. వేడి ఫిన్ పక్కన గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఫిన్ ముఖాన్ని ఆనుకుని ఒక వెచ్చని పొర ఏర్పడుతుంది. ఆ పొర కింద పలుచగా మొదలై పైకి పోయే కొద్దీ మందమవుతుంది. ఎడం చాలినంత ఉంటే ఎదురెదురు ఫిన్ల పొరలు కలవవు, మధ్యలో చల్లని గాలి మిగులుతుంది. ఎడం తగ్గితే పొరలు కింద భాగంలోనే కలిసిపోతాయి. అక్కడి నుంచి పైదాకా ఉన్న గాలి దాదాపు ఫిన్ అంత వేడిగా ఉంటుంది కాబట్టి పై భాగం వైశాల్యం ఉండీ లేనట్టే. దీనికి తోడు ఇరుకు దారిలో గోడల రాపిడి పెరిగి అసలు లోపలికి వచ్చే గాలే తగ్గిపోతుంది. పొరలు పూర్తిగా కలిసిన స్థితిలో h ఎడం ఘనానికి అనుపాతంలో పడిపోతుంది: ఎడం సగమైతే h ఎనిమిదో వంతు. అదే సమయంలో ఫిన్ల వైశాల్యం పెరిగేది రెట్టింపు లోపే. ఈ పోటీలో వైశాల్యం గెలవలేదు.

అందుకే ఈ స్టడీలో h ను స్థిరాంకంగా కాక ఎడంతో ముడిపడిన పారామీటర్‌గా ఇవ్వాలి. గాలిని కూడా మోడల్ చేసే CFD ఉంటే ఈ పని అదే చేస్తుంది. అది లేకుండా చేయాలంటే నిలువు సమాంతర పలకల మధ్య సహజ కన్వెక్షన్‌కు నమ్మదగిన సూత్రం కావాలి. ఎలెన్‌బాస్ 1942 లో ప్రచురించిన పనిని ఆధారం చేసుకుని బార్-కోహెన్, రోసెనో 1984 లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ ఈ పనికి వాడతారు.

h ను లెక్కించడం

రెండు పలకలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు సూత్రం ఇది. S అంటే ఫిన్ల మధ్య ఎడం, L అంటే గాలి ప్రయాణించే నిలువు పొడవు, dT అంటే ఫిన్‌కూ బయటి గాలికీ ఉన్న తేడా. గాలి గుణాలను ఫిన్, బయటి గాలి ఉష్ణోగ్రతల సగటు దగ్గర తీసుకుంటారు. కింది కోడ్‌లో అన్నీ మీటర్లలో, డిగ్రీలలో ఇవ్వాలి. కోడ్‌లో k, nu, al అంటే గాలి ఉష్ణ ప్రసరణ, కైనమాటిక్ స్నిగ్ధత, ఉష్ణ వ్యాపనం; El అంటే ఎలెన్‌బాస్ సంఖ్య, Nu అంటే నసెల్ట్ సంఖ్య. గాలి గుణాలకు రాసిన సరళ రేఖలు 45 నుంచి 80 డిగ్రీల మధ్య సరిపోతాయి.

```python
def h_channel(S, L, dT, Tamb):
    Tf = Tamb + dT/2 + 273.15
    k  = 0.02735 + 7.3e-5*(Tf - 323.15)
    nu = 1.798e-5 + 9.8e-8*(Tf - 323.15)
    al = 2.487e-5 + 1.45e-7*(Tf - 323.15)
    El = 9.81*dT*S**4/(Tf*nu*al*L)
    Nu = (576/El**2 + 2.873/El**0.5)**-0.5
    return Nu*k/S
```

సూత్రంలో రెండు పదాలున్నాయి. మొదటిది ఇరుకు ఎడానిది. 576 అంటే 24 వర్గం, పొరలు పూర్తిగా కలిసిపోయిన ప్రవాహానికి Nu = El/24 అవుతుంది, అందులోంచి వచ్చిన అంకె అది. రెండోది పక్క ఫిన్ ప్రభావం తగలని ఒంటరి పలకది. మధ్యలో ఉన్న ఎడాలకు ఈ రెండింటి కలయిక పనిచేస్తుంది. ఏ పదం ఎక్కువ బరువు లాగుతోందో ప్రింట్ చేసి చూస్తే, మన డిజైన్ ఇరుకు వైపుందా విశాలమైన వైపుందా అన్నది వెంటనే తెలుస్తుంది.

h తేడా మీద ఆధారపడుతుంది, తేడా h మీద ఆధారపడుతుంది. కాబట్టి మొదట dT ని 30 అనుకుని h తీసి, దాన్ని వైశాల్యంతో గుణించి, 15 వాట్లను ఆ వచ్చినదానితో భాగించి కొత్త dT రాబట్టాలి. మూడు నాలుగు సార్లు తిప్పితే అంకె కదలకుండా నిలబడుతుంది. ఈ లెక్కలో ఫిన్ మొత్తం ఒకే ఉష్ణోగ్రతలో ఉందని అనుకుంటున్నాం. 2 మి.మీ. మందం, 30 మి.మీ. ఎత్తు, లోహపు ప్రసరణ 209 W/m·K, h దాదాపు 5 ఉన్నప్పుడు ఫిన్ ఎఫిషియెన్సీ 99 శాతం వస్తుంది కాబట్టి ఆ ఊహ ఇక్కడ చెల్లుతుంది.

వైశాల్యాన్ని రెండు గుంపులుగా విడదీయాలి. ఎడాలలోకి చూసే ఫిన్ ముఖాలు, ఎడాల అడుగున కనిపించే బేస్ భాగం ఒక గుంపు. వీటికి పై సూత్రం. చివరి రెండు ఫిన్ల బయటి ముఖాలు, ఫిన్ల కొసలు రెండో గుంపు. వీటికి ఎదురుగా పక్క ఫిన్ లేదు కాబట్టి మామూలు నిలువు పలక సూత్రం వాడితే ఈ పొడవుకు, ఈ తేడాలకు h దాదాపు 6 వస్తుంది. బేస్ వెనక భాగం పరికరం పెట్టె గోడకు ఆనుకుని ఉంటుంది కనుక అక్కడి నుంచి వేడి పోదని అనుకున్నాం.

ఇదే లెక్కను ఐదు అమరికలకు చేసి, పక్కనే అన్ని ముఖాలకూ స్థిరంగా h = 5 ఇస్తే వచ్చే ఫలితాన్ని పెట్టిన పట్టిక ఇది. చివరి రెండు వరుసలూ బయటి గాలి కన్నా హీట్ సింక్ ఎంత వేడిగా ఉంటుందో చెబుతాయి. రేడియేషన్ ఇంకా కలపలేదు.

| ఫిన్లు | 21 | 15 | 11 | 10 | 8 |
|---|---|---|---|---|---|
| ఎడం, మి.మీ. | 2.9 | 5.0 | 7.8 | 8.9 | 12.0 |
| ఎడంలో h | 0.8 | 2.7 | 5.0 | 5.4 | 6.0 |
| h = 5 అయితే తేడా, K | 18 | 25 | 33 | 36 | 43 |
| సరైన h తో తేడా, K | 71 | 42 | 32.5 | 32.6 | 36 |

స్థిరమైన h ఎంచుకునేది 21 ఫిన్ల డిజైన్‌ను. ఆ డిజైన్‌లో హీట్ సింక్ 58 డిగ్రీల దగ్గర ఉంటుందని చెబుతుంది, లెక్క ప్రకారం అది 110 దాటుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, 5 అన్న అంకె గాలిలోంచి ఊడిపడ్డది కాదు. 11 ఫిన్ల అమరికకు అది అచ్చంగా సరైనదే, రెండు పద్ధతులూ అక్కడ కలుస్తున్నాయి. ఒక పాత హీట్ సింక్ టెస్ట్ నుంచి h ను వెనక్కి లెక్కగట్టి, అదే అంకెతో ఎడాన్ని మారుస్తూ పోయినా ఇదే గతి. ఒక అమరికకు కొలిచి తెచ్చిన h ఆ అమరికకే చెందుతుంది.

ఇరుకు వైపు అంకెల గురించి ఒక హెచ్చరిక. ఈ సూత్రం గాలి కింద నుంచి మాత్రమే వస్తుందని అనుకుంటుంది. మన హీట్ సింక్‌లో ఫిన్ల కొసల వైపు తెరిచే ఉంది, అక్కడి నుంచి కూడా కొంత గాలి ఎడంలోకి చేరుతుంది. అందువల్ల 2.9 మి.మీ. దగ్గర నిజమైన ఉష్ణోగ్రత 71 కన్నా కొంత తక్కువే ఉండవచ్చు. ఆ గడిలోని అంకెను కొలతగా తీసుకోకూడదు, దిశను మాత్రం నమ్మవచ్చు. 7 నుంచి 12 మి.మీ. మధ్య ఈ ప్రభావం అంత పెద్దది కాదు.

11 వద్దు, 10 చాలు

పట్టికలో 10, 11 ఫిన్ల మధ్య తేడా లేదనే చెప్పాలి. 12 ఫిన్లు పెట్టి లెక్కిస్తే 33.4 వస్తుంది. అంటే ఉత్తమ ఎడం ఒక సన్నని శిఖరం కాదు, వెడల్పైన మెట్ట. కానీ ఆ మెట్ట రెండు పక్కలూ ఒకేలా దిగవు. ఎడం 7.8 నుంచి 5 మి.మీ. కు తగ్గితే దాదాపు 10 కెల్విన్ల నష్టం, 7.8 నుంచి 12 కు పెరిగితే 4 కూడా లేదు. దుమ్ము పేరుకోవడం, ఎక్స్‌ట్రూషన్‌లో ఫిన్లు కొద్దిగా వంగడం, పెట్టె గోడ గాలికి అడ్డం రావడం, ఇవన్నీ ఎడాన్ని తగ్గించేవే. అందుకే సమానంగా ఉన్నప్పుడు విశాలమైన వైపు నిలబడాలి. 10 ఫిన్లు, 8.9 మి.మీ. ఎడం ఖాయం చేశాం. ఒక ఫిన్ లోహం కూడా ఆదా.

ఉత్తమ ఎడానికి నేరుగా కూడా ఒక సూత్రం ఉంది: `S_opt = 2.714*L/Ra_L**0.25`. ఇందులో Ra_L అంటే L ఆధారంగా లెక్కించిన రేలీ సంఖ్య. మన కేసులో సూత్రం 7.5 మి.మీ. ఇస్తుంది. అది ఫిన్ మందాన్ని పట్టించుకోదు, మన మందం 2 మి.మీ. కాబట్టి దాన్ని మొదటి అంచనాగా మాత్రమే వాడి పట్టిక వేయడం మేలు. ఈ సూత్రం నుంచి ఇంకో సంగతి తెలుస్తుంది. L పెరిగితే ఉత్తమ ఎడం దాని నాలుగో మూలం చొప్పున పెరుగుతుంది, తేడా పెరిగితే అదే చొప్పున తగ్గుతుంది. నాలుగో మూలం కాబట్టి వేడి సగమైనా ఎడం పెద్దగా మారదు. హీట్ సింక్‌ను తొంభై డిగ్రీలు తిప్పి ఫిన్లను అడ్డంగా పెడితే మాత్రం ఈ లెక్కంతా చెల్లదు, గాలికి పైకి పోయే దారే ఉండదు.

మోడల్‌ను అమర్చడం

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోకి. స్టెడీ స్టేట్‌కు మెటీరియల్‌లో థర్మల్ కండక్టివిటీ ఒక్కటే చాలు. సాంద్రత, విశిష్టోష్ణం ఇచ్చినా ఫలితం మారదు. లైబ్రరీలో ఉన్న సాధారణ అల్యూమినియం అల్లాయ్ ఎంట్రీని అలాగే వదిలేయకుండా 209 అని రాయాలి. ఈ కేసులో ఫిన్లు దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి కాబట్టి ఆ తప్పు కనిపించదు, కానీ బేస్‌లో వేడి పరుచుకునే చోట ప్రభావం చూపుతుంది.

బేస్ వెనక కాంపొనెంట్ ఉన్న 30 మి.మీ. చదరాన్ని వేరే ముఖంగా విడగొట్టాలి. కాంపొనెంట్‌ను చిన్న దిమ్మెగా గీసి, దానికీ బేస్‌కూ మధ్య కాంటాక్ట్ పెట్టాలి. ప్యాడ్‌ను గీయక్కర్లేదు. ప్యాడ్ ప్రసరణ 3 W/m·K, మందం 0.0005 మీటర్లు, కాబట్టి కాంటాక్ట్ కండక్టెన్స్ 3 ÷ 0.0005 = 6000 W/m²·K. ఈ గడిని ఖాళీగా వదిలితే కాంటాక్ట్ దాదాపు ఆదర్శమైనదిగా లెక్కలోకి వస్తుంది, ప్యాడ్ మీద పడాల్సిన 2.8 కెల్విన్లు మాయమవుతాయి.

యూనిట్ల దగ్గర ప్రతి అంకెనూ చూసుకోవాలి. ప్రాజెక్ట్ మిల్లీమీటర్లలో ఉంటే `Film Coefficient` గడి W/mm²·°C అడుగుతుంది. అప్పుడు 5.4 కు బదులు `5.4e-6` రాయాలి, 6000 కు బదులు `0.006`. మరిచిపోయి 5.4 రాస్తే h పది లక్షల రెట్లవుతుంది, హీట్ సింక్ మొత్తం కచ్చితంగా 40 డిగ్రీల దగ్గర కూర్చుంటుంది. హీట్ సింక్ బయటి గాలి కన్నా దశాంశ బిందువు తర్వాతి అంకెల్లో మాత్రమే వేడిగా ఉందంటే ముందు యూనిట్‌ను అనుమానించాలి.

కన్వెక్షన్ ముఖాలను పై లెక్కలో లాగే రెండు పేర్లున్న సమూహాలుగా చేయాలి. ఫిన్ల సంఖ్య పారామీటర్‌గా మారుతుంది కాబట్టి ముఖాలను మౌస్‌తో ఎంచుకుంటే, ఫిన్లు పెరిగినప్పుడు కొత్త ముఖాలు సమూహంలోకి రావు. వాటికి ఏ షరతూ ఉండదు, షరతు లేని ముఖం అంటే వేడి పోని ముఖం. అందుకే ముఖాల స్థానం, దిశ ఆధారంగా ఏరే నియమంతో సమూహం తయారుచేయాలి. ఒక్కో డిజైన్ పాయింట్‌లో ఆ సమూహపు వైశాల్యం చేతి లెక్కతో సరిపోయిందో లేదో చూడాలి. 10 ఫిన్లకు ఎడాలలోని ముఖాలు 0.0744 చదరపు మీటర్లు, బయటివి 0.0096. అన్నీ ఒకేసారి ఎంచుకుని వెనక ముఖాన్ని కూడా కలిపేస్తే 0.012 అదనంగా చేరుతుంది. వైశాల్యం 14 శాతం పెరిగి, నిజానికి లేని మెరుగుదల కనిపిస్తుంది.

h ను ఒకే అంకెగా కాకుండా తేడాతో మారే పట్టికగా ఇస్తే మోడల్ తనంతట తానే సమతూకం వెతుక్కుంటుంది. `Coefficient Type` లో `Difference of Surface and Bulk Temperature` ఎంచుకుని 8.9 మి.మీ. ఎడానికి ఈ విలువలు ఇవ్వాలి. మొదటి గడి తేడా, రెండోది h:

```
5   2.1
10  3.3
20  4.6
30  5.3
40  5.8
60  6.5
```

వేరే ఎడానికి వేరే పట్టిక కావాలి. పారామీటర్ మారినప్పుడు పట్టిక మారకపోతే మళ్లీ మొదటి తప్పుకే వచ్చినట్టు. అలాగే పట్టిక చివరి విలువ మన ఫలితం కన్నా పైన ఉండాలి, లేకపోతే పట్టిక దాటిన చోట సాల్వర్ వాడే h మనం ఉద్దేశించినది కాదు.

గాలి ఉష్ణోగ్రత గడిలో 40 రాయాలి. ఎడంలో గాలి వేడెక్కుతుంది కదా, 50 ఇస్తే వాస్తవానికి దగ్గరగా ఉంటుందేమో అనిపించడం సహజం. కానీ పై సూత్రంలోని h ను నిర్వచించిందే ఫిన్‌కూ లోపలికి వచ్చే గాలికీ ఉన్న తేడా మీద. ఎడంలో గాలి వేడెక్కడం వల్ల కలిగే నష్టం h తగ్గుదలలో ఇప్పటికే ఉంది. 50 ఇస్తే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

వేడిని కాంపొనెంట్ దిమ్మెకు `Heat Flow` గా 15 వాట్లు ఇవ్వాలి. మోడల్‌ను రెండు దిశలా సగం చేసి పావు భాగమే నడిపితే 3.75 వాట్లు. h సగటు విలువ కాబట్టి పై సగం, కింది సగం ఒకేలా ఉంటాయి, పావు మోడల్ చెల్లుతుంది. 10 ఫిన్లకు మధ్య కోత ఎడంలో పడుతుంది, 11 కు మధ్య ఫిన్‌ను చీలుస్తుంది. కోసిన ముఖానికి కన్వెక్షన్ ఇవ్వకూడదు.

మెష్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2 మి.మీ. ఫిన్ మందం దాటేలోపు ఉష్ణోగ్రత మారదు కాబట్టి క్వాడ్రాటిక్ ఎలిమెంట్ ఒకటి చాలు. బేస్ మందంలో మూడు, కాంపొనెంట్ కింద 2 మి.మీ. సైజు. మెష్‌ను సగం చేసినప్పుడు గరిష్ఠ ఉష్ణోగ్రత కెల్విన్‌లో పదో వంతు కన్నా కదలకపోతే అక్కడితో ఆపవచ్చు. ఫిన్ల మీద సన్నని మెష్ వేసి గంటలు ఖర్చు చేయడం కన్నా ఆ సమయాన్ని h మీద పెట్టడం మేలు.

ఫలితాన్ని పరీక్షించడం

మొదట `Reaction Probe` తో రెండు కన్వెక్షన్ సమూహాల నుంచి పోతున్న వేడిని కూడాలి, 15 వాట్లు రావాలి. అయితే ఈ పరీక్ష దాటడం వల్ల h సరైనదని రుజువు కాదు. స్టెడీ స్టేట్‌లో వచ్చిన వేడి పోవాల్సిందే. h తప్పైతే మోడల్ ఉష్ణోగ్రతను పెంచో తగ్గించో లెక్క సరిచూసుకుంటుంది, మొత్తం మాత్రం 15 గానే ఉంటుంది. ఈ పరీక్ష పట్టుకునేది వేడి ఇచ్చిన విలువలో, పావు మోడల్ లెక్కలో, సమూహాల్లో దొర్లిన పొరపాట్లను మాత్రమే.

రెండో పరీక్ష చేతి లెక్క. ఫిన్ల సగటు 40 + 32.6, అంటే 72.6 డిగ్రీలు. 15 వాట్లు చిన్న చదరం నుంచి 6 మి.మీ. బేస్‌లోకి పరుచుకోవడానికి, ఫిన్ల పొడవునా పోవడానికి కలిపి 2 కెల్విన్ల పైచిలుకు పడుతుంది, బేస్ మధ్యలో 75 దగ్గర వస్తుంది. ప్యాడ్ మీద 2.8. కాంపొనెంట్ అడుగు 78 డిగ్రీల దగ్గర ఉండాలి. మోడల్ దీనికి ఒక కెల్విన్ అటూ ఇటూలో లేకపోతే ముందుకు పోకుండా కారణం వెతకాలి. సరిగ్గా 2.8 తక్కువుంటే కాంటాక్ట్, నాలుగైదు తక్కువుంటే వెనక ముఖం.

మూడోది నిర్ణయాన్నే మార్చింది. ఇలాంటి సూత్రం నుంచి తెచ్చిన h మీద 20 శాతం వరకు అనుమానం ఉంచుకోవడం మంచిది. పట్టికలోని అన్ని h విలువలను, బయటి ముఖాల 6 ను కూడా 0.8 తో గుణించి మళ్లీ నడిపితే తేడా 32.6 నుంచి 39 కి చేరుతుంది. 25 శాతం పెరగకపోవడానికి కారణం, తేడా పెరిగినప్పుడు h కూడా కొంత పెరగడం. కాంపొనెంట్ అడుగు 84 దగ్గరికి వస్తుంది. పరిమితి 80. అంటే మొదట 78 చూపించిన డిజైన్‌కు నిజానికి చాలినంత మార్జిన్ లేదు.

మార్జిన్ ఎక్కడి నుంచి వచ్చింది

ఫిన్లు పెంచి లాభం లేదని పట్టిక చెప్పింది. మిగిలిన మార్గం రేడియేషన్. రంగు, పూత లేని అల్యూమినియం ఎమిసివిటీ, అంటే వేడిని కిరణాలుగా వదిలే సామర్థ్యం, 0.1 లోపే కాబట్టి ఇప్పటిదాకా దాన్ని వదిలేశాం. అనోడైజ్ చేస్తే అది 0.8 దాకా వెళ్తుంది. ఇక్కడ రంగు ముఖ్యం కాదు, ఈ ఉష్ణోగ్రతల్లో వేడి పోయేది ఇన్‌ఫ్రారెడ్‌లో, దానికి నల్ల అనోడైజింగ్, రంగు వేయని అనోడైజింగ్ దాదాపు ఒకటే.

దీన్ని మోడల్లో పెట్టేటప్పుడు జరిగే తప్పు పెద్దది. ఫిన్ ముఖాలన్నిటికీ `Radiation` ఇచ్చి `To Ambient` ఎంచుకుంటే, ప్రతి ముఖమూ నేరుగా గదిని చూస్తున్నట్టు లెక్క పడుతుంది. నిజానికి ఎడంలోని ముఖం ఎక్కువగా చూసేది ఎదురుగా అంతే వేడిగా ఉన్న పక్క ఫిన్‌ను. వాటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం సమానమై సున్నా అవుతుంది. బయటికి పోయేది హీట్ సింక్ చుట్టూ బిగించినట్టు గీసిన పెట్టె ముఖాల గుండా మాత్రమే: ముందు భాగం, రెండు పక్కలు, పైన, కింద కలిపి 0.025 చదరపు మీటర్లు. అన్ని ముఖాలకూ ఇస్తే 0.084. రేడియేషన్ మూడు రెట్లకు పైగా ఎక్కువవుతుంది. `Surface to Surface` ఎంచుకుంటే సాఫ్ట్‌వేర్ ఎవరు ఎవరిని చూస్తున్నారో లెక్కిస్తుంది, సమయం కాస్త ఎక్కువ పడుతుంది. చేతి లెక్కకు పెట్టె వైశాల్యం చాలు.

ఆ వైశాల్యంతో, 0.8 ఎమిసివిటీతో రేడియేషన్ కెల్విన్‌కు 0.16 వాట్లు మోస్తుంది. తేడా 32.6 నుంచి 26 కు దిగుతుంది, కాంపొనెంట్ అడుగు 71 దగ్గర నిలుస్తుంది. h ను 20 శాతం తగ్గించి చూసినా తేడా 29, అడుగు 74. ఇప్పుడు డిజైన్ నిలబడింది. ఒక షరతు ఉంది: హీట్ సింక్ చూసే గోడలు కూడా 40 డిగ్రీల దగ్గరే ఉండాలి. ఎదురుగా ఇంకో వేడి పరికరం ఉంటే ఈ లాభం ఆ మేరకు తగ్గుతుంది. హీట్ సింక్‌ను మూసిన పెట్టెలో పెడితే 40 అన్న అంకె కూడా మారాలి, అప్పుడు లెక్కలోకి రావాల్సింది పెట్టె లోపలి గాలి.

తయారైన ముక్కను కొలిచేటప్పుడు థర్మోకపుల్స్ మూడు చోట్ల కావాలి: కాంపొనెంట్ అడుగున, బేస్ మధ్యలో ప్యాడ్ పక్కనే, హీట్ సింక్‌కు కొంత కింద వేడి తగలని చోట గాలిలో. ఈ ముక్క బరువు 390 గ్రాముల దాకా ఉంటుంది, అనోడైజ్ చేసినప్పుడు టైమ్ కాన్‌స్టంట్ పది నిమిషాలు, చేయకపోతే పదమూడు. కాబట్టి పవర్ ఇచ్చాక కనీసం గంట ఆగాలి, ఇరవై నిమిషాలకే తీసిన రీడింగ్ స్టడీ కన్నా చల్లగా కనిపిస్తుంది. తర్వాత రెండు తేడాలను విడివిడిగా స్టడీతో పోల్చాలి. అడుగుకూ బేస్‌కూ మధ్య తేడా ఎక్కువుంటే లోపం ప్యాడ్‌లోనో బిగింపులోనో ఉంది, h ను కదపకూడదు. బేస్‌కూ గాలికీ మధ్య తేడా ఎక్కువుంటే అప్పుడు h ను సరిచేయాలి. ఆ సరిచేసిన h ను 8.9 మి.మీ. ఎడానికే రాసిపెట్టుకోవాలి.